ఎర్ర లైటు వైరు

మా అమ్మ సుబ్బాయమ్మ నరసాపురంలో చేపలమ్ముతుంది. ఆవిడ బుట్టలోది పాత సరుకని ఎవరైనా అంటే మాటకు మాట చెప్పదు. చేపని చేత్తో ఎత్తి, వేలితో మొప్ప పైకి లేపి, అన్నవాడి ముక్కు ముందు పెడుతుంది. మొప్ప ఎర్రగా ఉందంటే ఇక వాడు ఆ పూట నోరెత్తడు. పదిమందిలో పడ్డ మాటని పదిమందిలోనే కడుక్కోవాలని నాకు చిన్నప్పుడే వంటబట్టింది. అందుకే శ్రావణమాసంలో నాకు జరిగింది నేను మరిచిపోలేదు. మరిచిపోవాలని అనుకోనూ లేదు.

అప్పటికి ఆరేళ్ళుగా పాలకొల్లులో ఒక పెద్ద షోరూమ్‌లో టీవీలు అమ్ముతున్నాను. నా పేరు సత్యవాణి. ఏ టీవీ వెనకాల ఏ కంతలున్నాయో కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలను. మా మేనేజరు మురళీకృష్ణ వాషింగ్ మెషీన్ల దగ్గర్నుంచి పైకొచ్చినవాడు. టీవీ ముందువైపు తప్ప వెనకవైపు చూసిన పాపాన పోలేదు. ధర ఎంతో మాత్రం నిద్రలో లేపినా చెప్పేవాడు.

ఆ శ్రావణంలో సీతారామలక్ష్మి టీచరు గారు మా దగ్గరికి వచ్చారు. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్తారు, ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. భర్త భాస్కరం గారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆవిడ పొద్దున్న ఎనిమిదింటికి స్కూలుకి వెళ్తే సాయంత్రం దాకా ఆయన టీవీ ముందు ఒక్కరే కూర్చోవాలి. టీవీ స్పీకర్లు గోడవైపు తిరిగి ఉంటాయి కదా, ఆయనకి మాటలు తెలియడం లేదట. టీవీ కింద పెట్టే పొడుగు స్పీకరు, అదే సౌండ్‌బార్, కావాలన్నారు.

"కచేరీలంటే ప్రాణమమ్మా ఆయనకి. వయొలిన్ వినపడితే చాలు, అన్నం కూడా అడగరు. కాని ఎడం చేత్తో ఒక్క రిమోటు పట్టుకోడానికే మూడు నెలలు పట్టింది. రెండో రిమోటంటే మావల్ల కాదు" అన్నారావిడ.

"ఒక్క రిమోటు చాలండి. టీవీ రిమోటుతోనే సౌండ్‌బార్ ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది, వాల్యూమ్ పెరుగుతుంది, తగ్గుతుంది" అన్నాను.

"మాటేనా?"

"మాటేనండి."

ఆ మాట మీదే కొనుక్కెళ్ళిన ఆవిడ నాలుగో రోజున మళ్ళీ వచ్చారు. శనివారం సాయంత్రం, షోరూమ్ నిండా జనం. నేరుగా నా దగ్గరికొచ్చి ముఖం మీదే అడిగారు.

"ఒక్క రిమోటన్నావు. మీ వాళ్ళు వచ్చి బిగించి వెళ్ళారు. టీవీ రిమోటు నొక్కితే బార్ పలకదు. దాని రిమోటు వేరే ఇచ్చి, దీంతోనే నొక్కాలి అన్నారు. ఏంటిది?"

"ఏ వైరు పెట్టారండి?" అన్నాను.

"ఏదో సన్న వైరు. కొసలో ఎర్ర లైటు వెలుగుతోంది."

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఎర్ర లైటంటే ఆప్టికల్. అందులో టీవీ నుంచి బార్‌కి శబ్దం వెలుతురు రూపంలో వెళ్తుంది, అంతే. ఒకే దిక్కు, ఒకే పని. వాల్యూమ్ పెంచమనీ నిద్ర లెమ్మనీ టీవీ చెప్పే మాటలు ఆ వైరులో ప్రయాణం చెయ్యవు. నేను చెప్పిన ఒక్క రిమోటు జరగాలంటే హెచ్‌డీఎంఐ వైరు కావాలి. దాన్ని టీవీ మీద ఏ, ఆర్, సీ అని, అంటే ఆర్క్ అని, రాసి ఉన్న కంతలో పెట్టాలి. ఆ వైరు బార్‌తో పాటు పెట్టెలోనే వస్తుంది.

"టీచర్ గారూ, అది తప్పు వైరండి, ఆర్క్‌లో..." అని మొదలుపెట్టానో లేదో మురళీకృష్ణ మధ్యలోకి వచ్చేశాడు.

"సారీ మేడమ్. మా అమ్మాయి అమ్మకం కోసం ఏదో చెప్పేసింది. ఈ మోడల్‌కి రెండు రిమోట్లేనండి." తర్వాత నావైపు తిరిగాడు. "పేరు చూస్తే సత్యవాణి. నోరు తెరిస్తే అబద్ధం. చేతులు జోడించి మేడమ్‌కి సారీ చెప్పు."

"సార్, వైరు..."

"నోరు మూసుకుని చెప్పమన్నది చెప్పు!"

జనం సరుకు చూడ్డం మానేసి నన్ను చూస్తున్నారు. టీచరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పక్షవాతం మనిషిని కూడా మోసం చేస్తారా అమ్మా?" అన్నారు. ఆ ఒక్క మాటకి ఇక వాదించలేకపోయాను. చేతులు జోడించాను. "అబద్ధం చెప్పానండి, క్షమించండి" అన్నాను. ఆ సాయంత్రమే మురళీకృష్ణ నన్ను పనిలోంచి తీసేశాడు.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. టీచరు గారి ఇల్లు నాకు తెలుసు. మర్నాడు పొద్దున్నే ఒక హెచ్‌డీఎంఐ వైరు పట్టుకుని వెళ్తే పది నిమిషాల పని. బయల్దేరాను కూడా. వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. ఇప్పుడు బాగుచేస్తే ఏమవుతుంది? ఆవిడ నాలుగు గోడల మధ్య నన్ను మెచ్చుకుంటారు. మురళీకృష్ణ మాత్రం అదే కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. నేను చేతులు జోడించింది పదిమందిలో. వాడూ పదిమందిలోనే జోడించాలి. సైకిల్ వెనక్కి తిప్పేశాను.

బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కవర్ల కొట్లో కుదిరాను. నెల తిరిగాక లోవరాజు అక్కడికి వచ్చాడు. షోరూమ్ తరఫున ఇళ్ళకి వెళ్ళి టీవీలు బిగించేది అతనే. ఫోనుకి గ్లాసు వేయించుకుంటూ చుట్టూ చూశాడు.

"అక్కా, నీ ఉసురు నాకు తగుల్తాదేమో. టీచర్ గారింట్లో బిగించింది నేనే."

"ఆప్టికల్ ఎందుకు పెట్టావు?"

"పెట్టెలో అదొక్కటే ఉంది మరి. హెచ్‌డీఎంఐ వైర్లన్నీ మురళీకృష్ణ గారు ముందే తీసి సొరుగులో పెడతారు. మళ్ళీ టేపేసేసి పెట్టె కొత్తదాన్లా పెడతారు. ఎవరన్నా అడిగితే అదే వైరు తొమ్మిది వందలకి విడిగా అమ్ముతారు. ఉన్న వైరు పెట్టి వచ్చెయ్యి, శబ్దం వస్తే చాలు అని నాకు చెప్పారు. నా పేరు మాత్రం బయటపెట్టకు అక్కా, ఇద్దరు పిల్లలు."

నాకు కోపం రాలేదు. చెప్పాలంటే హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళూ వాడు తెలియక చేశాడేమోనని లోపల చిన్న అనుమానం ఉండేది. అది తీరిపోయింది. ఇక జాలి పడాల్సిన పని లేదు.

"సౌండ్‌బార్ కంపెనీ వాళ్ళు ఎప్పుడన్నా వస్తారా?" అన్నాను.

"కార్తీకమాసంలో మెర్సీ గారని వస్తారు. స్టాఫుకి ట్రైనింగ్."

తేదీ అడిగి ఫోనులో రాసుకున్నాను. రెండు నెలలు ఉంది. ఆగాను. రోజూ కవర్లు అమ్ముతూ, వాడి మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటూ ఆగాను. అన్నం కన్నా ఆ ఊహే నాకు రుచిగా ఉండేది.

ఆ రోజు పొద్దున్నే టీచరు గారికి ఫోన్ చేశాను. "నేనండి, మీకు అబద్ధం చెప్పానని చేతులు జోడించినదాన్ని. ఇవాళ పదకొండింటికి ఒక్కసారి షోరూమ్‌కి రండి. సౌండ్‌బార్ పెట్టె ఉంటే తీసుకురండి."

"అటక మీద ఉంది. మా ఇంట్లో ఏ పెట్టే పారెయ్యం. అయినా నేనెందుకు రావాలి?"

"ఎవరు అబద్ధం చెప్పారో చూడ్డానికండి."

"రెండో శనివారం కదా, వస్తాను" అన్నారు.

మేం లోపలికి వెళ్ళేసరికి మెర్సీ గారు డెమో టీవీ ముందు నిలబడి ఉన్నారు. నలభై ఏళ్ళ మనిషి, ముడి వేసిన జుట్టు, తీక్షణమైన చూపు. చుట్టూ స్టాఫు, వెనకాల పండగ ఆఫర్లకి వచ్చిన జనం. నన్ను చూడగానే మురళీకృష్ణ నుదురు ముడిపడింది.

"నీకిక్కడేం పని?"

"నాకు కాదండి, ఈ టీచర్ గారికి. సౌండ్‌బార్‌కి ఒక్క రిమోటు చాలదని మీరు చెప్పారు కదా, ఆ మాట కంపెనీ వాళ్ళ నోట విందామని."

మెర్సీ గారు తల తిప్పారు. "ఏ మోడల్?" టీచరు గారు పెట్టె చూపించారు. "దీనికా? ఒక్క రిమోటు చాలు కదా. ఎవరు చాలదన్నది?"

టీచరు గారు మురళీకృష్ణ వైపు చూశారు. లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి చూసే చూపు అది.

"బిగించి చూపించండి మురళీకృష్ణ గారూ, ట్రైనింగ్ అదే కదా" అన్నారు మెర్సీ గారు.

డెమో బార్‌కి అప్పటికే ఎర్ర లైటు వైరు తగిలించి ఉంది. వాడు టీవీ రిమోటు తీసుకుని వాల్యూమ్ నొక్కాడు. బయటి స్పీకరు శబ్దాన్ని ఈ రిమోటుతో మార్చలేమని టీవీ మీద ఒక గడి వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే గడి. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆప్టికల్ పెడితే అంతేనండి" అన్నారు మెర్సీ గారు. "మేం కొత్త పద్ధతి శబ్దమని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసుకుంటాం, పైనుంచి కూడా వినిపిస్తుందని. అది ఆప్టికల్‌లో పట్టదు. అందుకే ప్రతి పెట్టెలోనూ హెచ్‌డీఎంఐ వైరు పెడతాం. అదేది?"

"అది... ఈ డెమో పెట్టెలో రాలేదండి."

ఇప్పుడు నా వంతు. "టీచర్ గారి పెట్టెలో కూడా రాలేదండి. లోపల కాగితం మీద ఏమేం ఉండాలో అచ్చేసి ఉంది, చూడండి. గోడౌన్‌లోంచి కూడా ఒక పెట్టె తెప్పించండి."

మెర్సీ గారు ఒక పెట్టె తెప్పించారు. టేపు రెండోసారి వేసినట్టు పక్కకి జరిగి ఉంది. ఆవిడ దాన్ని వేలితో పైకి లేపారు. మా అమ్మ మొప్ప లేపినట్టే అనిపించింది నాకు. లోపల బార్ ఉంది, రిమోటు ఉంది, చుట్ట చుట్టిన ఆప్టికల్ వైరు ఉంది. హెచ్‌డీఎంఐ వైరు ఉండాల్సిన గుంట ఖాళీగా ఉంది. ఇంకో పెట్టె తెప్పిస్తే దాన్లోనూ అంతే.

"సొరుగులో ఉంటాయేమో చూడండి" అన్నాను మెల్లగా.

మురళీకృష్ణ సొరుగు తెరిచి ఒక వైరు పట్టుకొచ్చాడు. ఆ సొరుగులో ఇంకా ఎన్నున్నాయో అందరికీ కనపడింది. తెలివి చూపించాలనుకున్నాడు కాబోలు, "ఇదుగోండి, ఇప్పుడు చేస్తాను" అని వైరు ఒక కొస టీవీకి తగిలించి, రెండో కొస పట్టుకుని బార్ వెనక్కి వంగాడు. బార్‌కి రెండు కంతలున్నాయి. ఒకదాని మీద ఇన్ అని, రెండోదాని మీద అవుట్ అని రాసుంది.

శబ్దం బార్ లోపలికే కదా రావాలి, అందుకని ఇన్‌లో పెట్టాడు.

నాకు తెలుసు. చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. వాడు రిమోటు నొక్కాడు, బార్ కిక్కురుమనలేదు. మెనూలోకి వెళ్ళాడు, బయటికొచ్చాడు, వైరు పీకి ఊదాడు, మళ్ళీ ఇన్‌లోనే పెట్టాడు. శ్రావణమాసంలో నన్ను చూసినట్టే జనం ఇప్పుడు వాడిని చూస్తున్నారు. నేను తొందరపడలేదు. ఆ నిశ్శబ్దం నాకు మూడు నెలల జీతమంత తీపిగా ఉంది.

చివరికి మెర్సీ గారే విసుక్కున్నారు. "మీలో ఎవరికైనా వచ్చా?"

నేను ముందుకి వెళ్ళాను. జనానికి వినపడేలా చెప్తూ చేశాను.

"ఇన్ అంటే వేరే పెట్టెలకండి, ప్లేయర్లకీ గేములకీ. టీవీకి వెళ్ళాల్సింది ఈ అవుట్ కంత. పక్కన చిన్న అక్షరాలతో టీవీ ఆర్క్ అని కూడా రాశారు. ప్లేయరు బొమ్మ బార్‌లోంచి ఈ దారిన టీవీకి వెళ్తుంది. టీవీలో వచ్చే శబ్దం ఇదే దారిన తిరిగి బార్‌కి వస్తుంది. తిరుగు శబ్దం కాబట్టే ఆ పేరు. టీవీ వైపు కూడా ఏ కంతలో పడితే ఆ కంతలో పెట్టకూడదు. నాలుగింట్లో ఒకదాని మీదే ఆర్క్ అని ఉంటుంది."

బార్ వైపు కొసని ఇన్‌లోంచి తీసి అవుట్‌లో పెట్టాను. టీవీ వైపు రెండో కంతలో ఉన్న కొసని తీసి మూడో కంతలో, ఆర్క్ అని ఉన్నదాంట్లో పెట్టాను. టీవీ మెనూలో ఒక వస్తువు మాట ఇంకో వస్తువు వినే సీఈసీ అనే మీట ఆన్ చేశాను. శబ్దం ఎటు వెళ్ళాలన్న దగ్గర ఆర్క్ ఎంచాను. టీవీ రిమోటు తీసుకుని టీచరు గారి చేతిలో పెట్టాను.

"మీరే నొక్కండి."

ఆవిడ నొక్కారు. బార్ మీద అంకెలు పన్నెండు, పదమూడు, పద్నాలుగు అని పెరిగాయి. షోరూమంతా మోగింది. టీవీ ఆపితే బార్ కూడా ఆగింది. టీవీ వేస్తే బార్ కూడా వెలిగింది.

"ఒక్క రిమోటు" అన్నారు టీచరు గారు, తనలో తాననుకున్నట్టు.

మెర్సీ గారు ఓనరుకి ఫోన్ చెయ్యడానికి పక్కకి వెళ్ళారు. నేను మురళీకృష్ణకి ఎదురుగా నిలబడ్డాను. "సార్, టీచర్ గారికి సారీ చెప్పండి. చేతులు జోడించి."

"సత్యవాణీ, మనలో మనం..."

"'అబద్ధం చెప్పింది నేనే' అని మీ నోటితో చెప్పండి. ఆ మాటే కావాలి నాకు. ఇంకేం వద్దు."

చెప్పాడు. గొంతు పైకి రాలేదు. "వినపడలేదండి" అన్నాను. మళ్ళీ చెప్పాడు. చేతులు ఎంత గట్టిగా జోడించాడో వేళ్ళు తెల్లబడ్డాయి. మా అమ్మ చూసుంటే మెచ్చుకునేది. నాలోపల మూడు నెలలుగా బిగుసుకున్నదేదో వదులైంది. ఆ సుఖం నేను దాచను.

టీచరు గారికి రావాల్సిన వైరు సొరుగులోంచి ఇప్పించారు మెర్సీ గారు. "నేనొచ్చి బిగిస్తానండి" అన్నాను. ఆటోలో వెళ్తుండగా ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ రోజు నిన్ను నానా మాటలూ అన్నాను. లెక్కల టీచర్ని, లెక్క సరిచూడకుండా మార్కులేశాను" అన్నారు. నేను తల ఊపాను. గర్వంగానే ఉంది.

ఇంట్లో భాస్కరం గారు కుర్చీలో ఉన్నారు. పల్చటి మనిషి, ఒళ్ళో ఎడం చెయ్యి, ఆ చేతిలో టీవీ రిమోటు. ఎదురుగా టీవీ నడుస్తోంది. ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు. శబ్దం లేదు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"శబ్దం రావట్లేదేంటండి?" అన్నాను.

"నేనటు రాగానే కరెంటు పోయి వచ్చినట్టుందమ్మా" అన్నారు టీచరు గారు, చెప్పులు విప్పుతూ. "వచ్చాక టీవీ ఆయన వేసుకోగలరు. శబ్దమంతా బార్‌కే వెళ్తుంది, దాన్ని మాత్రం దాని రిమోటుతోనే లేపాలి. అది ఆయన వేళ్ళకి అందదు. నేను స్కూలుకెళ్తూ రెండూ వేసి వెళ్తాను. మధ్యలో కరెంటు పోతే ఇంక సాయంత్రం దాకా ఇంతే. షోరూమ్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను, అదంతే అన్నారు."

"రోజూనా అండి?"

"వానల్లో ఏ రోజు పోలేదు కనక? వాయించే వేళ్ళు చూసి రాగం పోల్చుకుంటాననేవారు మొదట్లో. తర్వాత ఆ మాట కూడా మానేశారు."

నేను మోకాళ్ళ మీద కూర్చుని టీవీ వెనక్కి చెయ్యి పెట్టాను. ఎర్ర లైటు వైరు పీకేశాను. కొత్త వైరు ఒక కొస బార్ అవుట్‌లో, రెండో కొస టీవీ ఆర్క్‌లో. మెనూలో రెండు నొక్కులు. పట్టింది పది నిమిషాలు కూడా కాదు. నిజానికి ఆరు.

వయొలిన్ గది నిండా వచ్చింది. భాస్కరం గారి బొటనవేలు కదిలింది. వాల్యూమ్ పెంచారు. తగ్గించారు. మళ్ళీ పెంచారు. టీవీ ఆపి, వేసి, బార్ దానంతటదే వెలగడం చూశారు. నోరు ఒక పక్కకే నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోడానికి ఎడం చెయ్యి రిమోటు వదలదు, కుడి చెయ్యి లేవదు. టీచరు గారే కొంగుతో తుడిచారు.

తర్వాత ఆయన నావైపు తిరిగి మాట కూడగట్టుకుని ఏదో అడిగారు. నాకు అర్థం కాలేదు. టీచరు గారు చెప్పారు.

"ఈ వైరు సంగతి నీకెప్పుడు తెలిసిందమ్మా అంటున్నారు."

ఆవిడ కళ్ళలో అనుమానమేం లేదు. ఆయన కళ్ళలోనూ లేదు. ఊరికే అడిగారు. నాకు తెలిసింది శ్రావణమాసం, శనివారం సాయంత్రం, కొసలో ఎర్ర లైటు అని ఆవిడ అన్న క్షణంలో. వీధి మలుపు దాకా వచ్చి తిప్పేసిన సైకిల్. నాకు ఊహలు రుచిగా ఉన్న ఆ రోజులన్నీ ఈయన ఈ కుర్చీలో వాయించే వేళ్ళు చూస్తూ గడిపారు.

"ఇవాళేనండి" అన్నాను.

అమ్మకం కోసమైనా సరే ఎవరికీ అబద్ధం చెప్పలేదని ఆరేళ్ళు గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకున్నదాన్ని. భాస్కరం గారు తల ఊపి, మళ్ళీ టీవీ వైపు తిరిగి, వాల్యూమ్ ఇంకొక్కటి పెంచుకున్నారు.